అడవి ఉన్న కొండ కూడా ఎందుకు జారింది? వయనాడ్ చెప్పే లెక్క

2024 జులై 30 తెల్లవారకముందే కేరళలోని వయనాడ్ జిల్లా మెప్పాడి పంచాయతీలో ఒక కొండ వాలు విరిగిపడింది. పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల అనే ఊళ్లు కొన్ని గంటల్లో రూపు లేకుండా పోయాయి. గల్లంతైనవారిని కూడా కలిపితే మృతుల సంఖ్య మూడు వందలకు చేరువైంది. కొట్టుకుపోయిన వారిలో చాలామంది మృతదేహాలు పక్క జిల్లా మలప్పురంలో, నిలంబూర్ దగ్గర చాలియార్ నదిలో దొరికాయి. చూరల్‌మల వంతెన కొట్టుకుపోవడంతో సైన్యం 190 అడుగుల బెయిలీ వంతెన కట్టేదాకా అవతలి ఒడ్డుకు పెద్ద యంత్రాలు చేరలేకపోయాయి.

ఆ తర్వాత కొన్ని వారాల పాటు రెండు వాదనలు వినిపించాయి. అడవులు నరికి, తోటలు వేసి, రిసార్టులు కట్టడం వల్లే ఇదంతా జరిగిందన్నది ఒకటి. అంత వాన పడితే ఏ కొండా నిలవదు, ఇది ప్రకృతి విపత్తు అన్నది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ ఏ ఒక్కదాన్నో పట్టుకుంటే ఒక విషయం అర్థం కాకుండా పోతుంది. కొండ విరగడం మొదలైన చోటు తేయాకు తోట కాదు, రిసార్టు పునాది కాదు. అది ఊళ్లకు చాలా పైన, వెళ్లరిమల అడవిలో ఉంది. హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో వేసిన అంచనా ప్రకారం ఆ చోటు సముద్ర మట్టానికి 1,550 మీటర్ల ఎత్తులో ఉంది. దాదాపు 86,000 చదరపు మీటర్ల నేల అక్కడి నుంచి కదిలి, వాగు వెంట సుమారు 8 కిలోమీటర్లు పారింది.

చెట్లున్న చోటే కొండ విరిగితే, అడవుల నరికివేత గురించి చెప్పేదంతా తప్పేనా? కాదు. అయితే వాలు, వాన, చెట్టు అనే మూడూ ఒకదానితో ఒకటి ఎలా లెక్క తేల్చుకుంటాయో చూస్తే తప్ప దీనికి జవాబు దొరకదు.

మట్టి ఎందుకు నిలబడుతుంది?

కొండ వాలు మీద మట్టి నిలబడి ఉండటమే ముందు అర్థం చేసుకోవాల్సిన విషయం. పశ్చిమ కనుమల వాలుల్లో అడుగున గట్టి రాయి ఉంటుంది. దాని మీద వేల ఏళ్లుగా వానకు, వేడికి చివికి మట్టిగా మారిన పొర ఉంటుంది. చాలాచోట్ల పై నుంచి జారి వచ్చిన మట్టి, రాళ్లు కూడా అందులో కలిసి ఉంటాయి. ఈ పొర కొన్నిచోట్ల ఒక మీటరు, కొన్నిచోట్ల ఐదారు మీటర్ల మందం ఉంటుంది. గురుత్వాకర్షణ ఈ పొరను ఎప్పుడూ కిందికి లాగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేవి మూడు. మట్టి రేణువుల మధ్య రాపిడి మొదటిది. బంకమట్టి వల్ల వచ్చే అతుకు రెండోది. చెట్ల వేర్లు అల్లుకుని పట్టే పట్టు మూడోది.

దీన్ని అంకెల్లో చూస్తే విషయం చాలా తేలికగా అర్థమవుతుంది. ఒక ఊహాజనిత వాలు తీసుకుందాం. 30 డిగ్రీల వాలు. నిట్టనిలువుగా కొలిస్తే 2 మీటర్ల లోతు మట్టి, దాని కింద రాయి. మట్టి ఘనపు మీటరుకు 1,800 కిలోల బరువు ఉందనుకుందాం. జారడానికి వీలున్న తలం అంటే ఆ మట్టి, రాయి కలిసే చోటు. ఆ తలంలో ఒక్క చదరపు మీటరు మీద సుమారు 3,100 కిలోల బరువు పడుతుంది. తలం ఏటవాలుగా ఉంది కాబట్టి ఈ బరువు రెండుగా విడిపోతుంది. సుమారు 1,560 కిలోల బలం మట్టిని వాలు వెంట కిందికి లాగుతుంది. సుమారు 2,700 కిలోల బలం మట్టిని తలానికి అదిమిపెడుతుంది.

కొండను కాపాడేది ఈ రెండో బలమే. అదిమే బలం ఎంత ఎక్కువైతే రాపిడి అంత ఎక్కువ. ఇలాంటి మట్టిలో అదిమే బలంలో 60 శాతం పైచిలుకు రాపిడిగా మారుతుందనుకుంటే, దాదాపు 1,690 కిలోలు నిలబెట్టే బలం వస్తుంది. మట్టి అతుకుకు 300 కిలోలు, వేర్ల పట్టుకు 400 కిలోలు కలుపుదాం. మొత్తం 2,390. లాగేది 1,560 మాత్రమే. ఎండాకాలంలో ఈ వాలు హాయిగా నిలుస్తుంది. వేర్లు తీసేసినా నిలబెట్టే బలం 1,990 ఉంటుంది కాబట్టి అప్పుడూ నిలుస్తుంది. చెట్లు కొట్టేసిన కొండ వెంటనే పడిపోదని, ఏమీ కాలేదు కదా అని జనం ధీమాగా ఉండటానికి కారణం ఇదే.

వాలు పాత్ర గురించి ఇక్కడే ఒక మాట. వాలు ఎంత నిటారుగా ఉంటే అంత ప్రమాదం అనిపిస్తుంది. కానీ బాగా నిటారుగా ఉన్న బండల మీద మట్టి నిలవనే నిలవదు, కాబట్టి జారడానికి అక్కడ మట్టి ఉండదు. అలాంటిచోట రాళ్లు ఊడిపడటం వేరే సమస్య. మట్టి మందంగా పేరుకునేంత మెల్లగా, జారేంత ఏటవాలుగా ఉండే మధ్యరకం వాలులు, సుమారుగా 25 నుంచి 40 డిగ్రీల మధ్యవి, మట్టి జారుళ్లకు అనువైన చోట్లు. వాటిలోనూ కొండ పక్కన దొన్నెలా లోపలికి వంగిన పల్లాలు మరీ ప్రమాదకరం. పైనుంచి జారే మట్టి తరతరాలుగా అందులోకే చేరుతుంది. వాన నీరు కూడా మూడు వైపుల నుంచి అక్కడికే వస్తుంది. కొండవాగులు పుట్టేది ఇలాంటి పల్లాల్లోనే. వయనాడ్‌లో విరిగిందీ ఒక వాగు తలాపునే.

వాన చేసే పని

వాన నీటికి మట్టి బరువెక్కి కిందికి జారుతుందని చాలామంది అనుకుంటారు. బరువు పెరిగే మాట నిజమే కానీ అది చిన్న సంగతి. బరువు పెరిగితే లాగే బలంతో పాటు అదిమే బలం కూడా పెరుగుతుంది. అసలు పని వేరేచోట జరుగుతుంది.

నీరు మట్టిలోకి ఇంకి, అడుగున రాయి అడ్డం రావడంతో అక్కడ ఆగుతుంది. కిందికి పోలేక, పక్కకు తొందరగా పారలేక, మట్టి రేణువుల సందుల్లో మట్టం పెరుగుతూ వస్తుంది. ఈ నీటికి ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి రేణువులను ఒకదాని నుంచి ఒకటి పైకి ఎత్తుతుంది. అంటే మట్టిని తలానికి అదిమిపెట్టే బలంలో కొంత భాగాన్ని నీరు మోసేస్తుంది. నీటికి రాపిడి లేదు. నూతిలో మునిగిన బిందె చేతికి ఎంత తేలికగా తగులుతుందో గుర్తు చేసుకుంటే, లోపల మట్టికి ఏమవుతుందో తెలుస్తుంది.

ఇందాకటి వాలుకే తిరిగి వద్దాం. నీరు మట్టి పొరలో సగం ఎత్తుకు, అంటే ఒక మీటరుకు చేరిందనుకుందాం. తేలికగా ఉండటానికి బరువు పెరుగుదలను వదిలేద్దాం. నీటి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 750 కిలోలను ఎత్తేస్తుంది. 2,700లో మిగిలేది 1,950. దాని రాపిడి సుమారు 1,220. అతుకు 300 కలిపితే 1,520. లాగే బలం 1,560. వేర్లు లేని వాలు ఈ దశలో జారిపోతుంది. వేర్ల పట్టు 400 కూడా ఉంటే మొత్తం 1,920 అవుతుంది. చెట్లున్న వాలు నిలుస్తుంది.

ఇప్పుడు నీరు మట్టి పైదాకా నిండిందనుకుందాం. 1,500 కిలోల బలం ఎత్తుకుపోయింది. మిగిలిన 1,200కు రాపిడి 750 మాత్రమే. అతుకు, వేర్లు రెండూ కలిపినా 1,450. లాగే బలం కంటే తక్కువ. చెట్లున్న వాలు కూడా జారిపోతుంది.

అడవి గురించి జరిగే వాదన అంతా ఈ మూడు మెట్ల లెక్కలోనే ఉంది. పొడి నేలలో చెట్లున్నా లేకున్నా కొండ నిలుస్తుంది. సగం నిండినప్పుడు చెట్లున్న కొండ నిలిచి, లేని కొండ జారుతుంది. పూర్తిగా నిండితే రెండూ జారుతాయి. ఎంత వానకు కొండ జారుతుందన్న గీతను అడవి పైకి జరుపుతుంది, అంతేగానీ ఆ గీతను చెరిపేయలేదు. చెట్లు నరికితే గీత కిందికి దిగుతుంది. అంతకుముందు యాభై ఏళ్లకోసారి వచ్చే వానకు జారే వాలు, ఐదారేళ్లకోసారి వచ్చే వానకే జారడం మొదలుపెడుతుంది. ఇవి ఊహాజనితమైన అంకెలే. మట్టి లోతు, రకం, వేర్ల లోతు మారితే ఫలితమూ మారుతుంది. కానీ లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

మరి 2024 జులై చివర ఆ గీత ఏమైంది? కేరళ ప్రభుత్వం చెప్పిన ప్రకారం ఆ ప్రాంతంలో మొదటి 24 గంటల్లో 200 మిల్లీమీటర్లు, తర్వాతి 24 గంటల్లో 372 మిల్లీమీటర్లు, కలిపి 48 గంటల్లో 572 మిల్లీమీటర్ల వాన పడింది. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే అనంతపురాన్ని తలుచుకోవాలి. అక్కడ ఏడాది మొత్తానికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఏడాది వాన రెండు రోజుల్లో ఒక కొండ మీద పడిందన్నమాట.

అదీ ఎండిన నేల మీద పడలేదు. ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 2 మీటర్ల మట్టిలో ఖాళీ సందులు 40 శాతం ఉంటే అందులో 800 లీటర్లు పడతాయి. ఎండాకాలం చివర వచ్చే మొదటి 570 లీటర్లను ఆ నేల ఎలాగోలా మింగేస్తుంది. కానీ జూన్, జులై నెలలంతా నైరుతి వానలు పడి, ఆ సందుల్లో మూడొంతులు ముందే నిండి ఉంటే మిగిలే చోటు 200 లీటర్లే. అందుకే ఆ రోజు ఎంత వాన పడిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. గత పది, పదిహేను రోజుల్లో, నెలలో ఎంత పడిందన్నదీ చూడాలి. ఒకే 200 మిల్లీమీటర్ల వాన జూన్ మొదటి వారంలో పడితే ఏమీ కాకపోవచ్చు, జులై చివర పడితే కొండ విరగవచ్చు.

ప్రపంచంలోని వాతావరణ శాస్త్రవేత్తలు కలిసి పనిచేసే వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ బృందం ఈ వానను పరిశీలించి, భూతాపం వల్ల ఇది సుమారు 10 శాతం ఉధృతమైందని తేల్చింది. వినడానికి 10 శాతం చిన్నదిగా అనిపించవచ్చు. కానీ సందుల్లో మిగిలిన చోటు కొద్దిగానే ఉన్నప్పుడు, చివరి ఆ పది శాతమే నీటి మట్టాన్ని గీత దాటించవచ్చు.

వేర్లు ఎక్కడిదాకా కాపాడతాయి

వేర్ల పట్టుకు రెండు హద్దులు ఉన్నాయి. మొదటిది లోతు. చాలా చెట్ల వేర్లలో ఎక్కువ భాగం పైనున్న ఒకటిన్నర, రెండు మీటర్ల మట్టిలోనే ఉంటాయి. మట్టి పొర అంతకంటే పల్చగా ఉంటే వేర్లు కింది రాతి పగుళ్లలోకి దిగి, మేకుల్లా పట్టుకుంటాయి. కానీ జారే తలం ఐదు మీటర్ల లోతున ఉంటే వేర్లు దానిదాకా చేరవు. అప్పుడు మట్టితో పాటు చెట్లూ కలిసి కిందికి వస్తాయి. అలా వచ్చిన చెట్లు బురదలో దూలాల్లా ఇళ్లను గుద్దుతాయి. వయనాడ్ ఫొటోల్లో ఇళ్ల శిథిలాల మధ్య కనిపించిన మాన్ల గుట్టలు అలా వచ్చినవే.

రెండోది కాలం. చెట్టు నరికిన రోజే వేరు చచ్చిపోదు. అది నేలలో మెల్లగా కుళ్లుతుంది. ఐదు నుంచి పదేళ్లలో పాత వేర్ల బలం చాలావరకు పోతుంది. ఆ చోట కొత్త మొక్కలు నాటినా వాటి వేర్లు బలపడటానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఈ మధ్య కాలమే అన్నిటికంటే బలహీనమైన కాలం. నరికిన ఏడాది వానలకు కొండ నిలిచింది కాబట్టి ఇక భయం లేదనుకోవడం చాలా ప్రమాదకరమైన పొరపాటు.

వేర్లు కుళ్లిపోయిన చోట ఇంకో చిక్కు కూడా ఉంది. కుళ్లిన వేరు స్థానంలో గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. నీరు అందులోంచి వేగంగా పారుతూ లోపలి మెత్తటి మట్టిని కోసుకుంటూ పోతుంది. పైకి ఏమీ కనిపించదు, లోపల సొరంగం తయారవుతుంది. దీన్నే సాయిల్ పైపింగ్ అంటారు. ముండక్కైకి కొద్ది కిలోమీటర్ల దూరంలోని పుత్తుమలలో 2019 ఆగస్టు 8న కొండ విరిగి 17 మంది చనిపోయినప్పుడు, పరిశీలించిన అధికారులు చెప్పిన కారణాల్లో ఈ పైపింగ్ ఒకటి. అదే వాలు మీద 1980లలో పెద్ద ఎత్తున చెట్లు కొట్టేశారన్నది ఇంకొకటి. నరికివేతకూ కొండ విరగడానికీ మధ్య దశాబ్దాలు గడిచాయి. ఇంత దూరం ఉండటం వల్లే నరికినవారికి, నష్టపోయినవారికి మధ్య సంబంధం ఎవరికీ కనిపించకుండా పోతుంది. ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

వయనాడ్ మొత్తం మీద 1950 నుంచి 2018 మధ్య 62 శాతం పచ్చదనం పోయిందని, తోటల విస్తీర్ణం ఎన్నో రెట్లు పెరిగిందని 2022లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. తోట కూడా పచ్చగానే ఉంటుంది కదా అన్న సందేహం రావచ్చు. అడవిలో పెద్ద మాను, చిన్న చెట్టు, పొద, తీగ అన్నీ వేర్వేరు లోతుల్లో వేర్లు పెట్టి, మట్టిని పొరలు పొరలుగా పట్టుకుంటాయి. నేల మీద రాలిన ఆకు మెత్తలా పరుచుకుని నీటి వేగాన్ని తగ్గిస్తుంది. తోటలో ఒకే పంట, ఒకే లోతు. పైగా తోట అంటే బాటలు, కాలువలు, మట్టిని కోసి చేసిన మెట్లు, నీరు ఇంకడానికి తవ్విన గుంతలు ఉంటాయి. మైదానంలో నీటిని ఇంకించడం మంచి పని. ఏటవాలు కొండ మీద అదే పని మట్టి అడుగున నీటి మట్టాన్ని పెంచి, పైన చెప్పిన లెక్కలో సగం నిండిన దశను ముందే తెచ్చిపెడుతుంది. కొండల్లో చేసే నీటి సంరక్షణ పనుల్లో ఈ తేడా పాటించకపోతే మేలు చేయబోయి కీడు చేసినట్టవుతుంది.

అంటే 2024లో అడవి పాత్ర ఏమిటి? విరగడం మొదలైన చోట అడవి ఉంది, అయినా అంత వానకు ఆ గీత దాటిపోయింది. అక్కడ నరికివేతను దోషిగా నిలబెట్టలేం. కానీ విరిగిన మట్టి కిందికి వచ్చే దారిలో జరిగిన మార్పుల మాట వేరు. వాగు పొడవునా ఉన్న వాలులు, ఒడ్డునున్న తోటలు, ఇళ్లు, వాటి కోసం కోసిన గట్లు ఆ ప్రవాహానికి ఇంకా మట్టిని, ఇంకా దుంగలను, అన్నిటికంటే ముఖ్యంగా మనుషులను అందించాయి.

8 కిలోమీటర్లు ఎలా వచ్చింది

కొండ జారుడు అంటే మట్టి పెళ్ల ఊడి కింద పడటం అనే బొమ్మే మన మనసులో ఉంటుంది. వయనాడ్‌లో జరిగింది అది కాదు. నీటితో నిండిన మట్టి కదలగానే దాని నిర్మాణం చెదిరి, చిక్కటి బురదగా మారిపోయింది. పచ్చి కాంక్రీటులా ఉండే ఆ ప్రవాహం ఇల్లంత రాళ్లను కూడా మోసుకుపోగలదు. కేరళలో దీన్ని ఉరుళ్‌పొట్టల్ అంటారు. అది వాగు గాడిలో పడి, దారిలో గట్లను కోస్తూ, ప్రతి వంద మీటర్లకూ లావెక్కుతూ వచ్చింది. ఇరుకైన చోట దుంగలు, రాళ్లు అడ్డం పడితే తాత్కాలికంగా కట్టలా ఆగుతుంది. వెనుక నీరు పేరుకుని ఆ కట్ట తెగితే వచ్చే దెబ్బ మొదటిదానికంటే పెద్దది. ఆ రాత్రి మొదటి జారుడు తర్వాత కొన్ని గంటలకు, నాలుగు గంటల ప్రాంతంలో రెండోది వచ్చింది. మొదటిదాని తర్వాత బతికిపోయామనుకున్నవారు, పక్కవారిని కాపాడటానికి వెళ్లినవారు దానికి దొరికిపోయారు.

చూరల్‌మల నిలిచిన చోటు దాదాపు చదునైన నేల. వాలు లేని చోట కొండచరియల భయం ఎందుకు అనిపిస్తుంది. కానీ కొండల మధ్య వాగు ఒడ్డున ఆ చదును ఎలా వచ్చిందని అడగాలి. చాలాచోట్ల అది పాత ప్రవాహాలు తెచ్చి పోసిన మట్టే. ఇల్లు కట్టుకోవడానికి, బడి కట్టడానికి, బజారు పెట్టడానికి కొండల్లో దొరికే ఒకే ఒక్క చదును అదే కావడంతో జనం అక్కడే చేరారు. ఆ చదునులో పెద్ద గుండ్రాళ్లు, చిన్న రాళ్లు, మట్టి కలగాపులగంగా పాతుకుని కనిపిస్తే అది నది నెమ్మదిగా పరిచిన ఒండ్రు కాదు, ఒక పెద్ద బురద ప్రవాహం వదిలి వెళ్లిన గుర్తు. నది అయితే రాళ్లను సైజులవారీగా వేరుచేసి పరుస్తుంది.

ఇదే కొండ అంతకుముందు విరగలేదా అంటే, విరిగింది. 1984లో ముండక్కైలోనే కొండ విరిగి 14 మంది చనిపోయారు. రిమోట్ సెన్సింగ్ సెంటర్ 2023 మే నెలలో తీసిన చిత్రంలో అదే చోట పాత జారుడు మచ్చ కనిపిస్తోంది. ఒకసారి విరిగిన చోట మట్టి వదులుగా మిగులుతుంది. పై అంచు నిటారుగా తయారవుతుంది. నీటికి కొత్త దారులు ఏర్పడతాయి. పాత మచ్చ ఉన్నచోట మళ్లీ విరిగే అవకాశం ఎక్కువని అంటారు, కారణం ఇదే.

ముందుగా తెలిసే వీలుందా

వాతావరణ హెచ్చరిక జిల్లాకు వస్తుంది, కొండ విరిగేది ఒక వాగు తలాపున. చిక్కంతా ఇక్కడే. ఆ రోజుకు ఆ ప్రాంతంలో 115 నుంచి 204 మిల్లీమీటర్ల వాన పడవచ్చన్న అంచనా ఉంది. పడింది అంతకంటే చాలా ఎక్కువ. కొండల్లో వాన పక్కపక్క లోయల్లోనే రెండింతలు, మూడింతలు తేడాగా పడుతుంది. దూరాన ఉన్న ఒక్క వానమాపకం దాన్ని పట్టలేదు.

వయనాడ్‌లోనే ఉన్న హ్యూమ్ సెంటర్ అనే సంస్థ ఇందుకు భిన్నంగా పనిచేసింది. జిల్లా అంతటా రెండు వందలకు పైగా చోట్ల వానను కొలిచే ఏర్పాటు చేసుకుంది. అక్కడి రైతులు, స్థానికులు రోజూ పంపే కొలతలను చూసి, ఆ వాలులు ఎంత వాన తట్టుకోగలవో అంచనా వేస్తుంది. పుత్తుమల ప్రాంతంలో వాన ప్రమాద స్థాయికి చేరుతోందని గమనించి, జారుడుకు దాదాపు 16 గంటల ముందే జిల్లా యంత్రాంగానికి హెచ్చరిక పంపింది. చవకైన వానమాపకాలు, వాటిని రోజూ చదివే మనుషులు ఇచ్చిన ఆ 16 గంటలు పెద్ద సాధనాలకు కూడా అందలేదు. దేశంలో వీలున్న అన్ని పరిష్కారాల్లో ఇది అన్నిటికంటే తక్కువ ఖర్చుతో, వెంటనే చేయగలిగినదని చెప్పక తప్పదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2024 జులై 19న, అంటే వయనాడ్ ఘటనకు సరిగ్గా 11 రోజుల ముందు, కోల్‌కతాలో కొండ జారుళ్ల ముందస్తు అంచనా కేంద్రాన్ని ప్రారంభించింది. అప్పటికి దాని అంచనాలు నీలగిరి, డార్జిలింగ్, కాలింపాంగ్ జిల్లాలకు మొదలయ్యాయి.

తెలుగు నేలలో ఇంత పొడవైన బురద ప్రవాహాలు అరుదు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఎదురయ్యేది వేరే రకం. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్లపై పడి ప్రాణాలు పోయాయి. 2021 డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డుపై పెద్ద బండలు పడి రోడ్డు కోసుకుపోయింది. కొత్తవలస–కిరండోల్ రైలు మార్గంలో వానాకాలం వస్తే బొర్రా పరిసరాల్లో పట్టాలపై రాళ్లు పడటం రైల్వే సిబ్బందికి తెలిసిన సంగతే. వీటిలో అడవి కంటే కోత పెద్ద కారణం. ఇంటి కోసమో, రోడ్డు కోసమో కొండ పాదాన్ని నిటారుగా కోస్తే, పైన ఉన్న మట్టికీ బండకీ ఆసరా తీసేసినట్టే. 30 డిగ్రీల వాలు కోసిన చోట 70 డిగ్రీలవుతుంది. పగుళ్లలో నీరు నిండగానే అదే ఒత్తిడి లెక్క అక్కడా పనిచేస్తుంది. గోడ కట్టినా, దాని వెనుక నీరు బయటికి పోయే రంధ్రాలు వదలకపోతే, లేదా అవి మట్టితో పూడిపోతే, ఆ గోడ నీటిని ఆపే ఆనకట్టగా మారి కూలుతుంది. వానాకాలం ముందు ఆ రంధ్రాల్లో ఒక పుల్ల పెట్టి చూస్తే తెలిసిపోయే సంగతి ఇది.

వాలు కదలబోయే ముందు కొన్ని గుర్తులు కనిపిస్తాయి, అన్నిసార్లూ కాకపోయినా. వాలు పైభాగంలో నెలవంక ఆకారంలో నేల బీటలు వారడం, నిటారుగా ఉండే చెట్లు, కరెంటు స్తంభాలు ఒకవైపు ఒరగడం, నిన్నటిదాకా తేలికగా మూసుకున్న తలుపు గడపకు బిగుసుకుపోవడం, ఎన్నడూ లేని చోట ఊట పుట్టడం. బీట కనిపిస్తే అందులోకి నీరు పోకుండా మట్టితో కప్పి, టార్పాలిన్ వేయడం ఆ పూటకు చేయగలిగిన పని. కానీ రాత్రంతా కుండపోతగా కురుస్తుండగా వాగు హోరు ఒక్కసారిగా తగ్గితే మాత్రం ఏ పనీ మొదలుపెట్టకూడదు. వాన తగ్గకుండా వాగు తగ్గిందంటే పైన ఎక్కడో దానికి అడ్డం పడిందని అర్థం. ఆ అడ్డు తెగేలోపు ఉండే సమయం కొన్ని నిమిషాలు కావచ్చు. వాగు వెంట కిందికి కాకుండా, దానికి అడ్డంగా పక్కనున్న గట్టి మెరక మీదికి ఎక్కడానికి ఆ నిమిషాలే ఉంటాయి.